వీడియోలో సబ్‌టైటిల్స్ ఉన్నప్పుడు కింద క్యాప్షన్‌లో ఏం రాయాలి?

ఐరాల మండలంలో, కాణిపాకానికి దగ్గర్లో, ఒక చెరకు గానుగ ఉంది. అక్కడ బెల్లం కాచే కుటుంబంలోని అబ్బాయి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికి ఒక రీల్ తీశాడు. 42 సెకన్ల వీడియో. వాళ్ల నాయన పెనం పక్కన నిలబడి మాట్లాడతా ఉంటే, ఆయన మాటలు అక్షరాలుగా కింద పడేలా ఎడిట్ చేశాడు. వీడియో బాగుంది, సబ్‌టైటిల్స్ కూడా తప్పుల్లేకుండా వచ్చాయి. క్యాప్షన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ సబ్‌టైటిల్స్‌నే కాపీ చేసి కింద అతికించాడు. ఇలా చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. తిరుపతిలో చీరల అంగళ్ల వాళ్ల రీల్స్ చూసినా, టిఫిన్ సెంటర్ల రీల్స్ చూసినా ఇదే తంతు. అందుకే ఈ బెల్లం వీడియోనే ముందు పెట్టుకుని, క్యాప్షన్‌ను మొదటి నుంచి ఎలా కట్టాలో చూద్దాం.

ఒక మాట ముందే చెప్పుకుందాం. ఇక్కడ సబ్‌టైటిల్స్ అంటే వీడియో లోపల, బొమ్మ మీద పడే అక్షరాలు. క్యాప్షన్ అంటే పోస్ట్ చేసేటప్పుడు వీడియో కింద మనం టైప్ చేసే మేటర్. కొన్ని ఎడిటింగ్ యాప్‌లు మొదటిదాన్ని కూడా క్యాప్షన్స్ అనే పిలుస్తాయి, కంగారు పడొద్దు.

వీడియోలో పడిన సబ్‌టైటిల్స్ ఇవి. వీటిలో హైడ్రోస్ అంటే బెల్లం రంగు లేతగా రావడానికి వేసే రసాయనం:

"చూడండి, ఇది మా గానుగ."
"పొద్దున్నే కొట్టిన చెరకు ఇది."
"రసం తీసి పెనంలో పోస్తాం."
"పైన తేలే మడ్డి తీసేస్తా ఉండాల."
"సున్నం కొంచెం ఏస్తాం, అంతే."
"హైడ్రోస్ మేం ఏసేది లేదు."
"అందుకే రంగు ఇట్ల నల్లగా ఉంటాది."
"పాకం ముదిరితే దించి అచ్చులు పోస్తాం."

అబ్బాయి రాసిన క్యాప్షన్ ఇది:

"ఇది మా గానుగ. పొద్దున్నే కొట్టిన చెరకు రసం తీసి పెనంలో కాస్తాం. మడ్డి తీసేస్తాం. హైడ్రోస్ వేయం. అందుకే మా బెల్లం నల్లగా ఉంటుంది. స్వచ్ఛమైన బెల్లం కావాలంటే మమ్మల్ని సంప్రదించండి."

ఇందులో కొత్తది చివరి వాక్యం ఒక్కటే. అది కూడా ఎలా సంప్రదించాలో చెప్పలేదు. పైగా నాయన మాటలో ఉన్న "ఏసేది లేదు" కాస్తా "వేయం" అయిపోయి, మాటలోని మనిషి మాయమైపోయాడు.

మొదటి పని: వీడియో ఇప్పటికే ఏం చెప్పేసిందో రాసుకోండి

క్యాప్షన్ టైప్ చేయడానికి ముందు వీడియోను రెండుసార్లు చూడండి. మొదటిసారి సౌండ్ తీసేసి చూడండి. బొమ్మ ద్వారా, సబ్‌టైటిల్స్ ద్వారా ఏమేం తెలిశాయో ఒక కాగితం మీద రాయండి. రెండోసారి ఫోన్ బోర్లా పెట్టి, వినండి. చెవికి మాత్రమే తెలిసేది ఏమైనా ఉంటే అదీ రాయండి.

బెల్లం వీడియోకి ఈ పని చేస్తే జాబితా ఇలా వస్తుంది. గానుగ సొంతం. చెరకు తాజాది. మడ్డి తీస్తారు. సున్నం వేస్తారు. హైడ్రోస్ వేయరు. రంగు ముదురుగా ఉంటుంది, దానికి కారణమూ చెప్పేశారు. ఇక బొమ్మలో మాత్రమే కనిపించేవి: పెనం పెద్దది, ఒకేసారి చాలా రసం కాస్తారు, పొయ్యిలోకి చెరకు పిప్పినే ఎగదోస్తున్నారు, అచ్చులు ఒకే సైజులో ఉన్నాయి.

ఈ జాబితాలో ఉన్న ఏ విషయాన్నీ క్యాప్షన్‌లో వాక్యంగా మళ్లీ రాయకూడదు. జాబితా చేతిలో ఉంటే ఈ కట్టుబాటు పాటించడం తేలిక. లేకపోతే చెయ్యి తనంతట తానే పాత మాటల వైపు పోతుంది, ఎందుకంటే గంటసేపు సబ్‌టైటిల్స్ సరిచేసిన బుర్రలో ఆ మాటలే తిరుగుతా ఉంటాయి. వీలైతే ఎడిటింగ్ ఒక పూట, క్యాప్షన్ ఇంకో పూట పెట్టుకోండి.

వాక్యాలు మళ్లీ రాయకూడదన్నాను గానీ పేర్లు రాయొచ్చు, రాయాలి కూడా. బొమ్మ మీద అతికిన అక్షరాలు నిజానికి బొమ్మే. యాప్‌లో ఎవరైనా "చిత్తూరు బెల్లం" అని వెతికితే ఆ బొమ్మలోని అక్షరాలను నమ్ముకుని కూర్చోలేం. టైప్ చేసిన క్యాప్షనే దారి చూపిస్తుంది. కాబట్టి వస్తువు పేరు, ఊరి పేరు ఒక్కోసారైనా క్యాప్షన్‌లో పడాలి. మన వాళ్లలో చాలామంది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి వెతుకుతారు గనక, చివర్లో `#bellam #chittoor` అని రెండు ట్యాగులు చాలు. కుప్పలుగా ట్యాగులు గుప్పిస్తే చదివేవాడికి చిరాకు తప్ప ఒరిగేది లేదు.

రెండో పని: కెమెరా ఆగినాక మాట్లాడిన మాటలు పట్టుకోండి

క్యాప్షన్‌కు మేటర్ ఎక్కడి నుంచి వస్తుంది? చాలామంది ఇక్కడే ఆగిపోయి, ఏమీ తోచక వీడియోలోని మాటలే దించేస్తారు. నిజానికి మేటర్ రెండు చోట్ల సిద్ధంగా ఉంటుంది.

ఒకటి, కొనేవాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు. ఈ గానుగ వాళ్లకి వచ్చే ఫోన్లు ఎలా ఉంటాయని అబ్బాయిని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "కిలో ఎంత అంటారన్నా. తిరుపతికి పంపిస్తారా అంటారు. పాలల్లో ఏస్తే ఇరిగిపోతాయా అని ఆడోళ్లు అడగతారు. వానాకాలంలో కారిపోతాదా అంటారు. షుగర్ ఉండేవాళ్లు తినొచ్చా అంటారు."

ఐదు ప్రశ్నలు. వాటిలో ఒక్కదానికీ వీడియోలో జవాబు లేదు. నిజానికి వీడియోలో ఉండాల్సిన పని కూడా లేదు. పెనం దగ్గర పొగలో నిలబడి కార్గో చార్జీలు చెప్తే ఎవరు చూస్తారు? కానీ చూసినాక అడిగేది ఇవే. క్యాప్షన్ చోటు వీటిది.

రెండోది, షూటింగ్ అయిపోయి ఫోన్ జేబులో పెట్టుకున్నాక పెద్దాయన మామూలుగా అన్న మాట. "నల్లగా ఉండాదని అంగట్లో తీసుకోలేదు నాయనా, తెల్లబెల్లం తెమ్మన్నారు." కెమెరా ముందు ఆయన పని గురించే చెప్పాడు. ఈ మాట మాత్రం కెమెరా ఆగినాకే వచ్చింది. మనుషులు కెమెరా ముందు పద్ధతిగా మాట్లాడతారు, అది ఆగినాక అసలు సంగతి మాట్లాడతారు. ఆ సంగతి రాసుకుని, "ఇది కింద రాయచ్చా?" అని అడిగి పెట్టుకోండి. అడగడం తప్పనిసరి, ఎందుకంటే ఆయన ఆ మాట లోకానికి చెప్పాలని చెప్పలేదు. అంగడి పేరు మాత్రం ఎప్పుడూ రాయొద్దు.

రంగు సంగతి తెలియని వాళ్లకోసం: హైడ్రోస్ అని గానుగల దగ్గర అనేది సోడియం హైడ్రోసల్ఫైట్‌ను. కాగే రసంలో వేస్తే రంగు విరిగి బెల్లం లేత పసుపుగా, చూడముచ్చటగా వస్తుంది. ఆ లేత రంగుకే మార్కెట్లో గిరాకీ. అది వేయకపోతే బెల్లం గోధుమ రంగు నుంచి ముదురు రంగు దాకా చెరకును బట్టి, కాచిన తీరును బట్టి మారుతుంది. వీడియోలో పెద్దాయన ఒక్క వాక్యంలో చెప్పింది ఇదే.

మూడో పని: మారేది కింద, మారనిది పైన

చేతిలో ఉన్న విషయాల్ని ఇప్పుడు రెండు కుప్పలు చేయాలి. పోస్ట్ చేసినాక వీడియోలోని అక్షరాలు మార్చలేం. మార్చాలంటే వీడియో తీసేసి మళ్లీ పెట్టాలి. అప్పటిదాకా వచ్చిన వ్యూస్, కామెంట్లు అన్నీ పోతాయి. క్యాప్షన్ అయితే ఎప్పుడైనా మూడు చుక్కలు నొక్కి `Edit` లోకి వెళ్లి మార్చొచ్చు. కాబట్టి ధర, ఎంత సరుకు ఉంది, ఏ ఊరికి పంపుతాం, ఏ రోజు దొరుకుతుంది, ఇవన్నీ క్యాప్షన్‌లోనే. రేటును సబ్‌టైటిల్‌గా పెద్ద అక్షరాల్లో వేసిన వీడియోలు చూస్తా ఉంటాం. ఆర్నెల్ల తర్వాత ఎవరో ఆ పాత రేటు స్క్రీన్‌షాట్ పంపి బేరానికి దిగుతారు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. వీడియోను ఎవరైనా డౌన్‌లోడ్ చేసి వాట్సాప్ గ్రూపులో వేస్తే క్యాప్షన్ వెంట పోదు. అప్పుడు ఆ వీడియో ఎవరిదో, ఏ ఊరిదో తెలియదు. కాబట్టి గానుగ పేరు, ఊరి పేరు మాత్రం వీడియోలోనే ఒక మూల చిన్నగా ఉండాలి. బెల్లం వీడియోలో ఇది లేదు. ఇంకా పోస్ట్ చేయలేదు గనక, చివరి మూడు సెకన్లలో అచ్చుల మీద "ఐరాల మండలం, చిత్తూరు జిల్లా" అని వేయించాం.

షుగర్ ప్రశ్నను మాత్రం రెండు కుప్పల్లోనూ వేయలేదు. బెల్లం కూడా చక్కెరే. రక్తంలో చక్కెరను పెంచుతుంది. "షుగర్ ఉన్నవాళ్లు నిశ్చింతగా తినొచ్చు" అని రాస్తే నాలుగు కిలోలు ఎక్కువ అమ్ముడుపోవచ్చు, కానీ అది అబద్ధం. ఎవరైనా అడిగితే డాక్టర్‌ను అడగమని చెప్పడమే. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు. క్యాప్షన్ ఖాళీగా ఉన్నా పరవాలేదు, అలాంటి మాట ఉండకూడదు.

నాలుగో పని: మొదటి వరుస

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

రీల్ తెరవగానే చూసేవాడికి పూర్తి క్యాప్షన్ కనపడదు. కింద పేరు, దాని కింద ఒక వరుస, ఆ వరుస కూడా మధ్యలో తెగిపోయి చుక్కలు. మిగతాది చూడాలంటే దాన్ని నొక్కాలి. నొక్కితే క్యాప్షన్ పైకి లేచి వీడియో కింది భాగాన్ని కప్పేస్తుంది. వీడియో మాత్రం ఆగకుండా నడుస్తానే ఉంటుంది. సబ్‌టైటిల్స్ కింది వైపు ఉంటే ఆ కాసేపూ అవి కనపడవు. అంటే, క్యాప్షన్ చదివితేనే వీడియో అర్థమయ్యేట్టు ఎప్పుడూ రాయకూడదు. రెంటినీ ఒకేసారి చదవడం ఎవరికీ కుదరదు.

ఆ తెగిన ఒక్క వరుస మాత్రం మొదటి సబ్‌టైటిల్‌తో పాటు ఒకే క్షణంలో, ఒకే కంటికి కనపడుతుంది. కాబట్టి ఆ రెంటినీ జంటగా చదివి చూడాలి. కాగితం మీద మొదటి సబ్‌టైటిల్ రాసి, దాని కిందే మీ మొదటి వరుస రాయండి.

పైన: "చూడండి, ఇది మా గానుగ."
కింద: "ఇది మా గానుగ."

ఇది అబ్బాయి రాసింది. ఒకే మాట రెండుసార్లు. కన్ను రెండోదాన్ని చదవకుండానే వదిలేస్తుంది, ఇక కింద ఉన్నదాన్ని నొక్కి తెరిచే ప్రశ్నే లేదు.

పైన: "చూడండి, ఇది మా గానుగ."
కింద: "హైడ్రోస్ వెయ్యని చిత్తూరు బెల్లం"

ఇది కొంచెం మేలు, కానీ ఆరో సబ్‌టైటిల్‌లో పెద్దాయన చెప్పబోయే మాటను ముందే లాగేసుకుంది. వీడియో మధ్యలో ఆయన గొంతు గట్టిపడి ఆ మాట అంటాడు. ఆ బరువు అక్కడే ఉండనివ్వాలి.

పైన: "చూడండి, ఇది మా గానుగ."
కింద: "బెల్లం పాలల్లో వేస్తే విరుగుతాయా?"

ప్రశ్న మంచిదే, ఇళ్లల్లో నిజంగా అడిగేదే. కాకపోతే చూసేవాడు దీని జవాబు వీడియోలో వస్తుందనుకుంటాడు. 42 సెకన్లూ ఎదురుచూసి, రాకపోయేసరికి మోసపోయినట్టు అనిపిస్తుంది. వీడియోలో జవాబు లేని ప్రశ్నను మొదటి వరుసలో పెట్టొద్దు. లోపల పెట్టుకోవచ్చు.

పైన: "చూడండి, ఇది మా గానుగ."
కింద: "నల్లగా ఉందని అంగట్లో వద్దన్న బెల్లం ఇదే."

ఇది కుదిరింది. వీడియోలో ఈ సంగతి లేదు. అయినా వీడియోతో గట్టిగా ముడిపడి ఉంది, ఎందుకంటే "ఎందుకు నల్లగా ఉంది?" అన్న ప్రశ్నకు ఏడో సబ్‌టైటిల్ జవాబు చెప్తుంది. కింది వరుస జరిగింది చెప్తే, పైనున్న వీడియో దానికి కారణం చెప్తుంది. చూసేవాడు ఆ కారణం కోసం చివరిదాకా ఉంటాడు. "బెల్లం" అన్న మాట కూడా మొదటి వరుసలోనే పడింది.

మొదటి వరుసలో నమస్కారాలు, దండాల బొమ్మలు, "ఫ్రెండ్స్ ఈరోజు మన వీడియోలో" లాంటివి పెడితే ఆ కాస్త చోటూ వాటికే పోతుంది. మర్యాద కావాలంటే చివర్లో పెట్టుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

ఐదో పని: మిగతాది రాయడం

లోపలి భాగానికి కష్టపడక్కర్లేదు. ప్రశ్నల జాబితా ముందు పెట్టుకుని, ఒక్కోదానికి ఒకటి రెండు వాక్యాల్లో జవాబు రాయడమే. రేటు, ఊళ్లు ఉదాహరణకే అనుకోండి:

"నల్లగా ఉందని అంగట్లో వద్దన్న బెల్లం ఇదే.

పాయసం చేసేటప్పుడు పొయ్యి మీద నుంచి దించి, కాస్త వేడి తగ్గినాక కలపండి. కాగే పాలల్లో వేస్తే విరిగే అవకాశం ఉంది, ఏ బెల్లమైనా అంతే.

వానాకాలంలో గాలి తగిలితే చెమ్మ పడుతుంది. తడి లేని స్టీలు డబ్బాలో పెట్టి, మూత బిగించండి. చెమ్మగా అయితే పారేయొద్దు, ముందు దాన్నే వాడుకోండి. బూజు పడితే మాత్రం వద్దు.

కిలో 80 రూపాయలు. కాణిపాకం వచ్చేవాళ్లు గానుగ దగ్గరే తీసుకోవచ్చు. తిరుపతికి, చిత్తూరుకు ఆర్టీసీ కార్గోలో పంపుతాం, చార్జీ వేరే.

కావాల్సినవాళ్లు 'బెల్లం' అని మెసేజ్ పెట్టండి.

#bellam #chittoor"

ఇందులో చెరకు గురించి, మడ్డి గురించి, సున్నం గురించి ఒక్క ముక్క లేదు. హైడ్రోస్ మాట కూడా లేదు. అవన్నీ పెద్దాయన పైన చెప్పేశాడు. అబ్బాయి ఇది చూసి "అన్నా, మెయిన్ పాయింటే పోయింది కదా" అన్నాడు. పోలేదు. వీడియో చూడకుండా క్యాప్షన్ మాత్రమే చదివేవాళ్లు చాలా తక్కువ. క్యాప్షన్ తెరిచినవాడు వీడియో చూసి, ఇంకా ఏదో తెలుసుకుందామని కిందికొచ్చినవాడు.

భాషలో కూడా రెంటికీ తేడా ఉండొచ్చు. సబ్‌టైటిల్స్ మనిషి మాట్లాడినట్టే ఉండాలి: "ఏసేది లేదు", "ఉంటాది". దాన్ని దిద్దితే పెదాలు ఒకటి చెప్తాయి, అక్షరాలు ఇంకొకటి చెప్తాయి. క్యాప్షన్ మాత్రం అమ్మేవాళ్ల తరఫున రాసేది, కాబట్టి అందరికీ తెలిసిన మామూలు తెలుగులో ఉంటే చాలు. కావాలని యాస తెచ్చిపెట్టుకోవద్దు.

ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ 2,200 క్యారెక్టర్ల దాకా రాయొచ్చు. దాన్ని నింపాలన్న రూలేం లేదు. పై క్యాప్షన్ అందులో సగం కూడా కాదు. వాట్సాప్ లింకు క్యాప్షన్‌లో పెడితే అక్కడ అది నొక్కడానికి పని చేయదు, ఉత్త అక్షరాలుగా పడి ఉంటుంది. లింకును ప్రొఫైల్లో పెట్టి, క్యాప్షన్‌లో మెసేజ్ పెట్టమని రాయడం మేలు.

తిప్పి చెప్పాల్సిన సందర్భాలు

కొన్నిచోట్ల వీడియోలో ఉన్నదాన్ని క్యాప్షన్‌లో మళ్లీ చెప్పడమే సరైన పని.

వీడియోలో మాట లేకుండా పాట మాత్రమే ఉండి, విషయమంతా అక్షరాల్లో పడుతూ ఉంటే, చూపు లేనివాళ్లకు అందులో ఏమీ అందదు. వాళ్ల ఫోన్లో టాక్‌బ్యాక్ లాంటి సౌకర్యం టైప్ చేసిన క్యాప్షన్‌ను చదివి వినిపిస్తుంది, బొమ్మ మీది అక్షరాలను మాత్రం నమ్మకంగా చదవలేదు. అలాంటి వీడియోకి అక్షరాల్లోని సారం రెండు మూడు వాక్యాల్లో క్యాప్షన్‌లో ఉండాలి. బెల్లం వీడియోలో పెద్దాయన గొంతే ఉంది కాబట్టి ఆ అవసరం రాలేదు. కానీ చివరి మూడు సెకన్లలో మనం వేయించిన ఊరి పేరు ఎవరూ పలకలేదు. అందుకే క్యాప్షన్‌లో కాణిపాకం పేరు వచ్చేట్టు చూసుకున్నాం.

ఇంకొకటి పక్క రాష్ట్రం. చిత్తూరు నుంచి వేలూరు ఎంతో దూరం లేదు. కాణిపాకం గుడికి తమిళనాడు నుంచి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. సబ్‌టైటిల్స్ తెలుగులో ఉన్నప్పుడు, వీడియో సారాన్ని రెండు వరుసల్లో తమిళంలో క్యాప్షన్ చివర రాయిస్తే అది తిరగరాయడం కిందికి రాదు. ఆ చదువరికి వీడియోలోని మాట తెలిసేది అక్కడే. తెలిసినవాళ్లతో రాయించండి. సరిహద్దు ఊళ్లల్లో రెండు భాషలూ వచ్చినవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు.

పోస్ట్ చేసే ముందు, చేసినాక

డ్రాఫ్ట్‌లో పెట్టి మీ ఫోన్లో ఒకసారి పూర్తిగా చూడండి. కింద పేరు, క్యాప్షన్ వరుస, కుడివైపు లైకు, కామెంటు గుర్తులు పడే చోట్ల సబ్‌టైటిల్స్ ఉంటే వాటిని కాస్త పైకి జరపండి. సబ్‌టైటిల్ మీదికి క్యాప్షన్ వచ్చి కూర్చుంటే, ఎంత తేడాగా రాసినా రెండూ చదవడానికి పనికిరావు.

అదే వీడియోను యూట్యూబ్ షార్ట్స్‌లో పెడితే లెక్క మారుతుంది. అక్కడ చూసేవాడికి కనపడేది టైటిల్. డిస్క్రిప్షన్ లోపలెక్కడో ఉంటుంది, దాన్ని తెరిచేవాళ్లు తక్కువ. టైటిల్‌కు 100 క్యారెక్టర్లు. తెలుగులో గుడులు, కొమ్ములు, వత్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి కంటికి కనిపించేదానికంటే త్వరగా ఆ చోటు నిండిపోతుంది. మన మొదటి వరుసను టైటిల్ చేసి, వెనక "చిత్తూరు బెల్లం" అని తగిలిస్తే చాలు. వాట్సాప్ స్టేటస్‌లో అయితే క్యాప్షన్ వీడియో అడుగునే పడుతుంది. అక్కడ ఒక్క వరుసకు మించొద్దు, రేటు రాస్తే సరిపోతుంది.

పోస్ట్ చేసిన మర్నాడు కామెంట్లు చదవండి. క్యాప్షన్ సరిగ్గా కుదిరిందో లేదో వాటిలోనే తెలుస్తుంది. రేటు రాసినా "రేటెంత?" అని ఎక్కువమంది అడుగుతూ ఉంటే, రేటున్న వాక్యం క్యాప్షన్‌లో మరీ కిందికి పోయిందని అర్థం. దాన్ని రెండో పేరాకు తీసుకురండి. "ఎందుకు నల్లగా ఉంది?" అని అడుగుతూ ఉంటే తప్పు క్యాప్షన్‌ది కాదు. ఏడో సబ్‌టైటిల్ చదివేలోపే మాయమవుతోంది, తర్వాతి వీడియోలో దాన్ని ఇంకో సెకను ఆపాలి. దీనికి క్యాప్షన్‌లో కారణం రాసి సరిపెట్టుకోవద్దు. అలా మొదలుపెడితే రెండు మూడు దిద్దుబాట్ల తర్వాత సబ్‌టైటిల్స్ అన్నీ మళ్లీ కిందికి దిగొచ్చేస్తాయి. ఎవరూ అడగని కొత్త ప్రశ్న వస్తే, ఉదాహరణకు "అచ్చు బరువెంత?" అంటే, జవాబు కామెంట్లో ఇచ్చి, అదే వాక్యాన్ని క్యాప్షన్‌లో కూడా కలపండి.

చెరకు సీజన్ ముగిసి గానుగ ఆగినాక కూడా పాత రీల్ ఎవరో ఒకరికి కనపడుతూనే ఉంటుంది, మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. అప్పుడు వీడియో తీసేయొద్దు. మొదటి వరుసను అలాగే ఉంచి, రేటున్న వాక్యం తీసేసి, దాని స్థానంలో ఇలా రాయమని అబ్బాయికి చెప్పాను: "ఈ ఏడాది సరుకు అయిపోయింది. మళ్లీ గానుగ ఆడేటప్పుడు చెప్పమంటే 'బెల్లం' అని మెసేజ్ పెట్టి ఉంచండి."